స్టీరింగ్ లైటు వెలిగితే కాలువ గట్టు ఎక్కొద్దు

వానాకాలం వచ్చిందంటే కారు కాలువలోకి దూసుకుపోయిందన్న వార్త గోదావరి జిల్లాల పేపర్లలో తప్పదు. "అదుపు తప్పి" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. అదుపు తప్పడానికి సవాలక్ష కారణాలుంటాయి. వాటిలో ముందే హెచ్చరించి వచ్చేది ఒకటుంది: మీటరు పలకలో స్టీరింగ్ బొమ్మ, పక్కన ఆశ్చర్యార్థకం. కరెంటు మోటారుతో నడిచే పవర్ స్టీరింగ్‌లో ఏదో తేడా వచ్చిందని దాని అర్థం. తాళం తిప్పినప్పుడు వెలిగి, ఇంజన్ స్టార్టయ్యాక ఆరిపోతే మామూలే. నడుస్తుండగా వెలిగితే మాత్రం మామూలు కాదు.

అందరూ చేసే తప్పు ఒకటే. లైటు వెలగ్గానే స్టీరింగ్‌ని అటూ ఇటూ కాస్త కదిపి చూస్తారు, తేలిగ్గానే తిరిగితే "ఏం కాలేదులే" అని అదే వేగంతో సాగిపోతారు. 60, 70 వేగంలో ఆ మోటారు చేసే సాయమే తక్కువ. అది పూర్తిగా ఆగిపోయినా చేతికి పెద్దగా తెలియదు. దాని అసలు పని వేగం తగ్గాకే, మలుపు దగ్గరే.

వానరాత్రి 216 జాతీయ రహదారి మీద వస్తున్న ఒక బండి తీసుకోండి. హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ వేసి ఉన్నాయి. బ్యాటరీ పాతది, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బెల్టు వదులై తడికి జారుతోంది. వోల్టేజీ పడిపోయి స్టీరింగ్ గుర్తు, దాంతోపాటు బ్యాటరీ గుర్తు వెలిగాయి. 70లో స్టీరింగ్ బాగానే ఉంది. కొంత దూరం పోయాక లాకుల దగ్గర ఎడమకి తిరిగి గట్టు రోడ్డు ఎక్కాలి. వేగం 20కి దిగింది, ఒక చెయ్యి గేరు మీద ఉంది. రెండో చేత్తో తిప్పితే పావు చుట్టు దగ్గర స్టీరింగ్ బిగుసుకుపోయింది. గేరు మీది చెయ్యి అందుకునేలోపే బండి మలుపు దాటి గట్టు అంచుకి పోయింది. అక్కడ స్టీరింగ్ విరిగిపోలేదు, తెగిపోలేదు. చక్రాలతో దాని ఇనుప సంబంధం అలాగే ఉంది. రెండు చేతులతో బలంగా లాగితే తిరిగేదే, ఆ లాగడానికి టైము లేకపోయింది.

బరువెక్కే తీరుని బట్టి కారణం కొంత అంచనా వేయొచ్చు. ఒక్కసారిగా రాయిలా అయితే సాయం పూర్తిగా ఆగినట్టే: ఫ్యూజు, కనెక్టరు, ఎర్త్ వైరు, మోటారు చూడాలి. ఇరుకు సందులో బండిని పదేపదే చివరికంటా తిప్పి వెనక్కీ ముందుకీ తీస్తుంటే మెల్లగా బరువెక్కడం మోటారు వేడెక్కడం వల్ల. కొన్ని బళ్లలో అప్పుడు లైటు కూడా రాదు. కాసేపు ఆపితే సర్దుకుంటుంది. ఒకవైపు తేలిక, ఇంకోవైపు బరువు, లేదా స్టీరింగ్ తనంతట తానే ఒక పక్కకి లాగడం ఉంటే మనం స్టీరింగ్ ఎంత బలంగా తిప్పుతున్నామో మోటారుకి చెప్పే టార్క్ సెన్సరు మీద అనుమానపడాలి. ఆ బండిని నడపొద్దు, తాడు కట్టి లాగించనూ వద్దు, లారీ మీద ఎక్కించండి. లైటు లేకుండా బరువుగా ఉంటే ముందు టైర్లలో గాలి చూడండి.

వానలకి ముందే మల్టీమీటరు పెట్టి బ్యాటరీ చూపించండి. రాత్రంతా ఆగిన బండికి 12.4 వోల్టుల పైన ఉండాలి. ఇంజన్ నడుస్తుంటే చాలా బళ్లలో 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. తర్వాత హెడ్‌లైట్లు, ఏసీ వేసి, నిలబడ్డ బండి స్టీరింగ్ తిప్పుతూ మళ్లీ చూడాలి, అసలు నీరసం అప్పుడే బయటపడుతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి టెర్మినళ్లూ, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టూ చిలుమెక్కుతాయి. విప్పి, గీకి, గట్టిగా బిగించాలి.

ఇక లైటు వెలిగాక.

రెండు చేతులూ స్టీరింగ్ మీదే.

తేలిగ్గా ఉందని నమ్మొద్దు. వేగం తగ్గించండి, నేరుగా ఉన్న రోడ్డు మీదే ఆపండి. మలుపు దాటాక ఆపుదాం అనుకోవద్దు.

నడుస్తున్న బండిలో తాళం ఆపొద్దు. బ్రేకు సాయం కూడా పోతుంది, తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది.

ఆగాక ఇంజన్ ఆపి, కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేయండి. లైటు ఆరినా రోగం పోయినట్టు కాదు, గట్టు రోడ్డు వదిలి పెద్ద రోడ్డునే నెమ్మదిగా షెడ్డుకి వెళ్లండి.

బ్యాటరీ గుర్తు కూడా వెలిగి ఉంటే ఇంజన్ ఎప్పుడైనా ఆగిపోవచ్చు. కదలొద్దు.

చిన్న కార్లు చాలావాటిలో ఆ మోటారు డ్రైవరు మోకాళ్లకి పైన, డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. అక్కడ ప్రెషరు పంపుతో కడిగించొద్దు. ఆ ఎత్తుకి వరదనీరు ఎక్కిన బండికి తాళం కూడా తిప్పొద్దు.

ఇలాంటి స్టీరింగ్‌కి ఆయిల్ ఉండదు. ఆయిల్ పోస్తానన్నవాడికి బండి అప్పగించొద్దు.

లోపం ఏమిటో బండి కంప్యూటరు రాసిపెట్టుకున్న కోడుని షెడ్డులో చదవకముందే చెరిపేయనివ్వొద్దు. ఇంజన్ కోడు మాత్రమే చదివే చిన్న స్కానరు చాలదు, స్టీరింగ్ కంప్యూటరుని చదివేది కావాలి. U0131 కోడు వస్తే ఆ కంప్యూటరుతో సంబంధం తెగిందని. మోటారు మార్చమనే ముందు ఫ్యూజూ, కనెక్టరూ, ఎర్తూ చూడమని నిలబడి అడగండి.

బ్యాటరీ మార్చాక ఈ లైటు వెలిగి ఉండిపోతే కొన్ని బళ్లలో స్టీరింగ్‌ని రెండు చివరలకీ తిప్పాలి, కొన్నిటికి స్కానరుతో సెట్ చేయాలి. మీ బండి పుస్తకంలో ఏముందో చూడండి. అది ఆరేదాకా గట్టు ఎక్కొద్దు, స్టీరింగ్ ఎంత తేలిగ్గా ఉన్నా సరే.