మాట కలపడం – 3వ పాఠం: మొదటి మెసేజ్

గత పాఠంలో ఒక కాగితం మీద రెండు వరుసలు రాసుకోమన్నాం: గొడవలో నేను చేసిన తప్పులు, తను చేసిన తప్పులు. ఈరోజు మొదటి వరుస ఒక్కటే కావాలి. రెండోది మడిచి పక్కన పెట్టండి. అందులో రాసినవి నిజమే కావచ్చు. కానీ మొదటి మెసేజ్‌లో వాటికి చోటు లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఉద్యోగం మానేయబోతున్నానని ఒకామె తన ప్రాణ స్నేహితురాలికి రహస్యంగా చెప్పింది. ఆ స్నేహితురాలు ఇంకొకరి దగ్గర నోరు జారింది. వారం తిరక్కుండానే విషయం మేనేజరు చెవిన పడింది. ఫోన్లో మాటా మాటా పెరిగింది. "నిన్ను నమ్మడం నా బుద్ధితక్కువ" అంటూ ఆమె ఫోన్ పెట్టేసింది. ఇది జరిగి ఎనిమిది నెలలు. నోరు జారినామె ఇప్పుడు ఇలా రాసుకుంది:

"హాయ్, ఎలా ఉన్నావ్? ఆ రోజు నువ్వు బాధపడి ఉంటే సారీ. కావాలని చెప్పలేదే. నువ్వు కూడా అంత మాట అనకుండా ఉండాల్సింది. సరే, అవన్నీ మర్చిపోదాం. నువ్వు లేకపోతే ఏం తోచట్లేదు. ప్లీజ్, ఒక్కసారి కాల్ చెయ్."

చదవడానికి ఆప్యాయంగానే ఉంది. అయినా ఇది పంపకూడదు. "బాధపడి ఉంటే" అన్న చోటే క్షమాపణ చెడిపోయింది. బాధపడిందో లేదో తెలియనట్టు నటిస్తోందని అవతలామెకు అనిపిస్తుంది. "కావాలని చెప్పలేదే" నిజమే, కానీ ఆమెకు జరిగిన నష్టం దానివల్ల తగ్గదు. "మర్చిపోదాం" అనే హక్కు గాయపడిన మనిషిది, గాయం చేసిన మనిషిది కాదు. ఇక చివరి రెండు వాక్యాలు తన ఒంటరితనాన్ని తీర్చే బరువును కూడా ఆమె మీదే పెడుతున్నాయి.

క్షమాపణలో ఏ భాగం ఎక్కువ పనిచేస్తుందో రాయ్ లెవికీ, ఆయన సహ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించారు. తప్పు నాదేనని ఒప్పుకోవడం అన్నిటికన్నా ముందు నిలిచింది, నష్టాన్ని సరిదిద్దుతాననడం దాని తర్వాత. "క్షమించు" అని అడగడం చిట్టచివర. మనలో చాలామంది మొదలుపెట్టేది ఆ చివరిదానితోనే.

అదే మెసేజ్ తిరగరాస్తే:

"నేనే. నీ ఉద్యోగం సంగతి నేను బయట చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని నువ్వు అడిగాక కూడా చెప్పాను. దానివల్ల ఆ విషయం నీ అంతట నువ్వు, నీకు కావలసినప్పుడు చెప్పుకునే అవకాశం పోయింది. తప్పు నాది. ఆ రోజు ఫోన్లో ఒప్పుకోకుండా వాదించాను, అదీ తప్పే. ఈ మాట నీకు చెప్పాలని రాశాను. జవాబు ఇవ్వాల్సిన అవసరం లేదు. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే నేనున్నాను."

ఇందులో "సారీ" అనే మాట లేదు, గమనించారా? పెట్టినా తప్పులేదు. ఏం చేశానో, దానివల్ల ఆమెకు ఏం పోయిందో పేరుపెట్టి చెప్పడమే అసలు పని. ఆ రెండోది దొరకడానికే ఎక్కువ సమయం పడుతుంది. "నీకు కష్టం కలిగింది" దగ్గర ఆగిపోకండి. ఏం పోయింది? పరువా, డబ్బా, నమ్మకమా, ఒక అవకాశమా? అది తేలేదాకా రాయండి, కొట్టేయండి. పొడవు తొమ్మిది పది వాక్యాలు దాటితే సాధారణంగా సంజాయిషీ దూరిందని అర్థం. "కానీ", "అయినా", "నువ్వు కూడా" ఎక్కడున్నాయో వెతకండి. అవి ఉన్న వాక్యాన్ని మొత్తంగా తీసేయండి.

చిత్తు చాట్ పెట్టెలో రాయకండి, వేలు జారితే వెళ్లిపోతుంది. చాలా యాప్‌లలో తొలగించినా "మెసేజ్ తొలగించారు" అన్న గుర్తు మిగులుతుంది. ఎనిమిది నెలల తర్వాత తనకు మీ నుంచి కనిపించే మొదటి మాట అది కాకూడదు. కాగితం మీద రాసి, ఒక రాత్రి గడవనిచ్చి, పగలు పంపండి. పుట్టినరోజు నాడు వద్దు. ఆ రోజు జవాబివ్వక తప్పని ఇరకాటంలో తనని పెట్టినట్టవుతుంది.

పంపాక చదివినట్టు గుర్తు కనిపించి, జవాబు రాకపోవచ్చు. ఇక్కడే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు: మర్నాడు "చూశావా?" అని, వారానికి ఉమ్మడి స్నేహితుల ద్వారా కబురు. "జవాబు ఇవ్వాల్సిన అవసరం లేదు" అన్న మాట అప్పుడు అబద్ధమైపోతుంది. రెండోసారి రాయకండి. బ్లాక్ చేసి ఉంటే ఇంకో నంబరు నుంచి అసలే రాయకండి, అదే తన జవాబు.

ఈ వారం అభ్యాసం: మీ చిత్తు రాసి, అవతలివాళ్ల గొంతుతో పైకి చదవండి. ఎక్కడ "అంటే తప్పు నాదంటావా?" అని ఎదురడగాలనిపిస్తుందో, అక్కడ గీత గీయండి. వచ్చే పాఠం ఆ గీతలతోనే మొదలవుతుంది.