శరీర సాంద్రత నుంచి కొవ్వు శాతం ఎలా లెక్కించాలి? సిరి, బ్రోజెక్ ఫార్ములాలు ఎందుకు కలవవు?

మా పిన్ని కొడుకు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. వాళ్ల యూనివర్సిటీ ల్యాబ్‌లో మూడు నెలల తేడాతో రెండుసార్లు నీళ్ల తొట్టెలో మునిగి బరువు తూయించుకున్నాడు. మొదటిసారి 95 కిలోలు, రెండోసారి 91. రిపోర్టుల్లోని కొవ్వు శాతాలతో లెక్క వేసుకుని ఫోన్ చేశాడు: "అన్నా, తగ్గింది నాలుగు కిలోలే కానీ కొవ్వు మాత్రం నాలుగున్నర కిలోలకు పైగా కరిగింది. అంటే కండ అరకిలో పెరిగినట్టేగా?"

రిపోర్టులు పంపమన్నాను. కండ ఏమీ పెరగలేదు. మొదటి రిపోర్టు ఒక ఫార్ములాతో, రెండోది ఇంకో ఫార్ములాతో వేశారు. ఆ అరకిలో కండ రెండు ఫార్ములాల సందులోంచి పుట్టింది. వాడి అంకెలతోనే లెక్క మొదటినుంచీ చేద్దాం.

ముందు సాంద్రత తేల్చుకోవాలి

కొవ్వు నీళ్ల మీద తేలుతుంది, కండా ఎముకా మునుగుతాయి. అందుకే ఒంట్లో కొవ్వు ఎంత ఎక్కువుంటే నీళ్లలో బరువు అంత తక్కువ తూగుతుంది. గాలిలో తూగిన బరువులోంచి నీళ్లలో తూగిన బరువు తీసేసి, ఆ నీటి సాంద్రతతో భాగిస్తే ఒంటి ఘనపరిమాణం వస్తుంది. అందులోంచి రెండు తీసేయాలి. ఒకటి, ఊపిరి పూర్తిగా వదిలేశాక కూడా ఊపిరితిత్తుల్లో మిగిలిపోయే గాలి. రెండోది, పేగుల్లో ఉండే గ్యాస్. దీన్ని కొలవడం కష్టం కాబట్టి మామూలుగా 0.1 లీటరు అని వేసుకుంటారు.

మావాడి మొదటి కొలత ఇది: గాలిలో 95 కిలోలు, నీళ్లలో 2.1 కిలోలు, ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి 1.4 లీటర్లు. తొట్టెలో నీళ్లు 34 డిగ్రీల వెచ్చదనంలో ఉన్నాయి, ఆ వేడికి నీటి సాంద్రత 0.9944.

```
V = (95 - 2.1) / 0.9944 - 1.4 - 0.1 = 91.92
D = 95 / 91.92 = 1.0335
```

అంటే లీటరుకు 1.0335 కిలోలు. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది: దీన్ని 1.03 అని కుదించేస్తారు. చూడ్డానికి చిన్న తేడాగానే ఉంటుంది కానీ, కుదించిన అంకెతో కొవ్వు శాతం 29కి బదులు 30.6 వస్తుంది. సాంద్రతలో మూడో దశాంశ స్థానం ఒక్క అంకె కదిలితే కొవ్వు దాదాపు అర శాతం కదులుతుంది. అందుకే నాలుగు స్థానాలూ ఉంచుకోవాలి. పేగుల్లోని ఆ 0.1 లీటరు తీసేయడం మర్చిపోయినా అంతే, అర శాతం కొవ్వు ఊరికే పెరుగుతుంది.

ఇప్పుడు రెండు ఫార్ములాల్లోనూ వేసి చూడండి

```
Siri:   %fat = 495 / D - 450
Brozek: %fat = 457 / D - 414.2
```

1.0335కి సిరి ఫార్ములా 28.97 శాతం ఇస్తుంది, బ్రోజెక్ ఫార్ములా 28.00 ఇస్తుంది. (మీ కాలిక్యులేటర్‌లో రెండో దశాంశం కాస్త అటూ ఇటూ అయితే కంగారు పడకండి. నేను 1.03347తో వేశాను.) 95 కిలోల మనిషికి ఒక శాతం తేడా అంటే సుమారు 0.9 కిలో. ఒకే మనిషి, ఒకే తొట్టె, ఒకే మునక. తేడా అంతా కాగితం మీదే వచ్చింది.

తేడా ఎక్కడినుంచి వచ్చింది?

విలియం సిరి బర్కిలీలో పనిచేసిన బయోఫిజిసిస్టు. పర్వతారోహకుడు కూడా, 1963లో ఎవరెస్ట్ ఎక్కిన అమెరికన్ బృందానికి ఉపనాయకుడు. ఆయన ఒంటిని రెండే ముక్కలుగా చూశాడు: కొవ్వు ఒకటి, కొవ్వు కానిదంతా ఇంకొకటి. కొవ్వు సాంద్రత 0.900, మిగతాదాని సాంద్రత 1.100 అనుకున్నాడు. ఒంట్లో కొవ్వు వంతు f అనుకుంటే, రెండు ముక్కల ఘనపరిమాణాలూ కలిపితే మొత్తం ఘనపరిమాణం రావాలి:

```
1/D = f/0.900 + (1 - f)/1.100
```

దీన్ని f కోసం సాధించి వందతో గుణిస్తే 495, 450 వాటంతటవే బయటికొస్తాయి. ఒకసారి కాగితం మీద చేసి చూడండి, రెండు నిమిషాల పని.

జోసెఫ్ బ్రోజెక్ చెక్ దేశస్థుడు. మిన్నెసోటాలో శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్‌తో కలిసి పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ జరిగిన ఆకలి ప్రయోగంలో ఇద్దరూ ఉన్నారు. మనిషి చిక్కినా లావెక్కినా వచ్చేదీ పోయేదీ అచ్చంగా కొవ్వు మాత్రమే కాదని, దాంతోపాటు కొంత నీరూ కణజాలమూ కదులుతాయని ఆ బృందం దగ్గరగా చూసింది. అందుకే 1963లో వాళ్లు ఇచ్చిన ఫార్ములా, కొవ్వు అసలే లేని ఒక ఊహా శరీరం నుంచి మొదలవదు. ఒక ప్రామాణిక పురుషుడి నుంచి మొదలవుతుంది: సాంద్రత 1.064, కొవ్వు 15.3 శాతం. మన కొలత ఆ మనిషికి ఎంత దూరంలో ఉందో చూసి కొవ్వు చెబుతుంది.

దీన్ని రెండు స్కేళ్లుగా ఊహించుకుంటే సులువు. సిరి స్కేలు మీద సున్నా గీత 1.100 దగ్గర, వంద గీత 0.900 దగ్గర ఉన్నాయి. బ్రోజెక్ ఫార్ములాలో సున్నా, వంద పెట్టి వెనక్కి లెక్కిస్తే ఆ గీతలు 1.1033, 0.8888 దగ్గర పడతాయి. అంటే బ్రోజెక్ స్కేలు రెండు వైపులా కాస్త సాగింది. సాగిన స్కేలు మీద గీతల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి, సాంద్రత అంతే మారినా శాతం తక్కువ మారుతుంది.

రెండు స్కేళ్లూ ఒక్కచోట మాత్రం కలుస్తాయి. రెండు ఫార్ములాలనూ సమానం చేస్తే D = 1.0615 వస్తుంది, అక్కడ కొవ్వు 16.3 శాతం. దీనికంటే లావుగా ఉన్నవాళ్లకి సిరి ఎక్కువ చూపిస్తుంది, సన్నగా ఉన్నవాళ్లకి బ్రోజెక్ ఎక్కువ చూపిస్తుంది. 1.00 సాంద్రత దగ్గర సిరి 45 అంటే బ్రోజెక్ 42.8 అంటుంది. 1.09 దగ్గర సిరి 4.1, బ్రోజెక్ 5.1. బాగా కండపట్టిన అథ్లెట్లలో సాంద్రత 1.10 దాటినప్పుడు సిరి ఏకంగా మైనస్‌లోకి వెళ్తుంది. 1.102 పెట్టి చూడండి: మైనస్ 0.8 శాతం కొవ్వు! బ్రోజెక్ 0.5 ఇస్తుంది. అది కూడా నమ్మదగిన అంకె కాదు, కానీ కనీసం నవ్వు తెప్పించదు.

అయితే ఏది సరైనది?

ఈ ప్రశ్నకి జవాబు వెతికే ముందు 1.100 అనే అంకె ఎక్కడిదో చూడాలి. కొవ్వు తీసేసిన శరీరంలో 73.8 శాతం నీరు, 19.4 శాతం ప్రొటీన్, 6.8 శాతం ఖనిజాలు ఉంటాయన్న లెక్కకి వచ్చే సాంద్రత అది. ఆ లెక్కకి ఆధారం రసాయనికంగా విశ్లేషించిన మూడు పురుష శవాలు. అందరి ఒళ్లూ ఆ మూడింటిలా ఉండవు. పిల్లల్లో నీరు ఎక్కువ, ఖనిజం తక్కువ. వయసు మీరి ఎముకలు గుల్లబారినవాళ్లలోనూ ఖనిజం తక్కువే. వీళ్లలో కొవ్వు కాని భాగం సాంద్రత 1.100 కంటే కిందికి జారుతుంది, ఫార్ములా ఆ లోటును కొవ్వు అనుకుంటుంది.

ఇదెంత పెద్ద సంగతో ఒక ఉదాహరణ. సాంద్రత 1.06 ఉన్న మనిషికి సిరి 16.98 ఇస్తుంది, బ్రోజెక్ 16.93. రెండూ చక్కగా కలిశాయి. కానీ ఆ మనిషిలో కొవ్వు కాని భాగం అసలు సాంద్రత 1.095 అయితే, నిజమైన కొవ్వు 15.2 శాతమే. రెండు ఫార్ములాలూ ఒకే మాట చెప్పి, రెండూ ఒకేలా తప్పాయి. వ్యక్తికీ వ్యక్తికీ ఉండే ఈ తేడా వల్ల కొవ్వు శాతం దాదాపు నాలుగు అటూ ఇటూ కావచ్చని సిరి తానే అంచనా వేశాడు. దాని ముందు రెండు ఫార్ములాల మధ్య ఒక శాతం తేడా చిన్నదే. కాబట్టి ఒక్కసారి కొలిపించుకున్నవాళ్లు ఏది వాడినా పెద్ద ఇబ్బంది లేదు. మరీ సన్నగానో మరీ లావుగానో ఉంటే మాత్రం నేను బ్రోజెక్ వైపు మొగ్గుతాను, చివర్లలో అది అంత విపరీతంగా పోదు కాబట్టి.

ఫార్ములా నిజంగా ఇబ్బంది పెట్టేది ఒకే మనిషిని మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు.

రిపోర్టులో ఏ ఫార్ములా వాడారో కనిపెట్టడం

సాంద్రత, శాతం రెండూ అచ్చేసి ఉంటే పని తేలిక. ఆ సాంద్రతను రెండు ఫార్ములాల్లోనూ వేసి ఏది సరిపోతుందో చూడండి. 16 శాతం చుట్టుపక్కల మాత్రం రెండూ కలిసిపోతాయి కాబట్టి ఈ పద్ధతి పనిచేయదు. జిమ్‌లో కాలిపర్‌తో చర్మం మడతలు కొలిచేవాళ్లు కూడా ముందు సాంద్రతను అంచనా వేసి, ఆ తర్వాతే శాతంగా మారుస్తారు. 1974 నాటి డర్నిన్, వామర్స్లీ పట్టికలు వాడితే అందులో ఉన్నది సిరి ఫార్ములా.

సాంద్రత అచ్చేయకుండా శాతం ఒక్కటే ఇచ్చి, అది సిరిదని మీకు తెలిస్తే ఇలా మార్చుకోవచ్చు:

```
D = 495 / (Siri + 450)
Brozek = 0.9232 * Siri + 1.255
```

మావాడి రెండో రిపోర్టులో సాంద్రత 1.0400, కొవ్వు 25.22 అని ఉంది. అది బ్రోజెక్. మొదటి రిపోర్టులో ఉన్నది 28.97, అది సిరి. 95 కిలోల్లో 28.97 శాతం అంటే 27.5 కిలోల కొవ్వు, 91 కిలోల్లో 25.22 శాతం అంటే 22.95 కిలోలు. తేడా 4.57 కిలోలు. తగ్గిన బరువు నాలుగే కాబట్టి మిగతాది కండ అయిపోయింది!

రెండుసార్లూ సిరితోనే వేస్తే 28.97 నుంచి 25.96కి, అంటే కొవ్వు 3.9 కిలోలు తగ్గినట్టు. రెండుసార్లూ బ్రోజెక్‌తో వేస్తే 28.00 నుంచి 25.22కి, అంటే 3.65 కిలోలు. ఎలా వేసినా కండ పెరిగిన జాడ లేదు. బ్రోజెక్ ప్రకారమైతే కొవ్వు కానిది కాస్త పోయింది కూడా. ఇదే తిరగేసి, ముందు బ్రోజెక్, తర్వాత సిరి వాడి ఉంటే మూడు నెలల కష్టానికి రెండు శాతమే తగ్గిందని వాడు డీలా పడిపోయేవాడు.

ఇప్పుడు వాడు తన ఎక్సెల్ షీట్‌లో శాతం రాయడం మానేసి, బరువు, నాలుగు దశాంశాల సాంద్రత మాత్రమే నింపుతున్నాడు. శాతం కాలమ్‌లో ఫార్ములా ఒకటే ఉంది, పైనుంచి కిందిదాకా సిరి. అరకిలో కండ పోయినందుకు మాత్రం నామీద ఇంకా గుర్రుగానే ఉన్నాడు.