గోడకు చెమ్మ వస్తే మేస్త్రీని పిలిచే ముందు: వానాకాలం జాగ్రత్తలు

మిరుగు రాకముందే ఇంట్లో ఒకసారి చూసుకోండి. పడకగదిలో ఏసీ ఉంటే, ఆ గది గోడకు అవతలి వైపు ఏముంది? బీరువా గానీ, బట్టల అర గానీ, దేవుడి గూడు గానీ గోడను ఆనుకుని ఉంటే ఇప్పుడే నాలుగంగుళాలు ఇవతలికి జరపండి. ఇంత చిన్న పని చెయ్యక మేము రెండు వానాకాలాలు బాధపడ్డాం, అనవసరంగా ఇరవై రెండు వేలు ఖర్చు పెట్టాం.

మా ఇల్లు హన్మకొండలో. మొదటి ఏడాది జూలైలో హాల్లో బీరువా వెనక నుంచి ముక్కిన వాసన మొదలైంది. తలుపు తీస్తే అమ్మ పట్టుచీరల మడతల మీద తెల్లటి బూజు. బీరువా జరిపి చూస్తే గోడ తడిసి, పెయింటు మీద నల్లటి చుక్కలు. మేస్త్రీ వచ్చి ఒక్క చూపు చూసి, "పైన స్లాబు కారుతున్నది సారూ" అన్నాడు. నమ్మి డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. తర్వాతి జూలైలో సరిగ్గా అక్కడే మళ్లీ మచ్చ. అప్పుడు గానీ రెండు సంగతులు మా కంట పడలేదు. అప్పటికి ఐదు రోజులుగా చుక్క వాన లేదు, అయినా గోడ తడిగానే ఉంది. పైగా స్లాబు కింద రెండడుగుల గోడ పొడిగా ఉంది, తడి అంతా బీరువా వెనకే. స్లాబు కారితే నీళ్లు పైనుంచి కదా దిగాలి.

ఏసీలు బాగుచేసే మా బామ్మర్ది వచ్చి చూసి, "బావా, ఈ నీళ్లు పైనుంచి వస్తలేవు, గాల్లోంచి వస్తున్నయ్" అన్నాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసు బయట నీటి బొట్లు ఎలా పడతాయో, మా గోడ మీదా అలాగే పడుతున్నాయన్నమాట.

గ్లాసు లోపలి నీళ్లే బయటికి ఊరుతాయని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అలా ఊరేది మట్టి కుండ. దాని ఒంటి నిండా సన్నటి రంధ్రాలు ఉంటాయి, లోపలి నీరే బయటికొచ్చి ఆరుతూ కుండను చల్లబరుస్తుంది. స్టీలు గ్లాసుకు రంధ్రాలు ఎక్కడివి? వానాకాలంలో ఫ్రిజ్ నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు మూత పెట్టి, వంటింటి డిజిటల్ తూకం మీద అరగంట ఉంచి చూడండి. బరువు రెండు మూడు గ్రాములు పెరుగుతుంది. ఆ పెరిగిన బరువు గదిలోని గాలి ఇచ్చిన నీరు.

గాలిలో నీరు ఆవిరిగా, కంటికి కనపడకుండా ఉంటుంది. ఎంత ఆవిరి ఉండగలదన్నది వేడిని బట్టి మారుతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 30 గ్రాముల ఆవిరి ఉండగలదు. 24 డిగ్రీలకు చల్లబడితే 22 గ్రాములే. అంతకు మించింది నీరై పక్కనున్న చల్లటి వస్తువు మీద కూర్చుంటుంది. గాలి ఏ వేడి దగ్గరికి దిగితే ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో దాన్నే డ్యూ పాయింట్ అంటారు.

ఆ రోజు మా హాల్లో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంది. అంటే ఘనమీటరుకు 24 గ్రాముల ఆవిరి. ఈ లెక్కన డ్యూ పాయింట్ 26 డిగ్రీలు. అవతలి గదిలో ఏసీ రాత్రంతా 18 మీద నడుస్తోంది. మధ్యలో ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. మా బామ్మర్ది తన టెంపరేచర్ గన్‌తో హాలు వైపు ఖాళీ గోడ మీద చూస్తే 26 పైచిలుకు వచ్చింది. బీరువా జరిపిన వెంటనే దాని వెనక చూస్తే 24. ఒకే గోడ మీద ఇంత తేడా ఎందుకంటే, ఖాళీ గోడకు హాల్లోని వేడి గాలి తగులుతూ ఉంటుంది, బీరువా వెనక గోడకు తగలదు. అవతలి ఏసీ చల్లదనం మాత్రం రెండిటికీ ఒకటే. అందుకే బీరువా వెనక గోడ డ్యూ పాయింట్ కన్నా రెండు డిగ్రీలు కిందికి పోయింది, చెమ్మ పట్టింది. ఖాళీ గోడ మాత్రం డ్యూ పాయింట్‌కు కాస్త పైనే ఆగింది.

ఏసీని 25కు పెట్టి, బీరువాను నాలుగంగుళాలు జరిపి, మర్నాడు తెల్లవారుజామున మళ్లీ చూశాం. గోడ 28 దాటింది. మూడు రోజుల్లో మచ్చ ఆరిపోయింది. పెయింటు వెయ్యలేదు, ప్లాస్టరింగ్ చెయ్యలేదు.

ఎండాకాలంలో ఇదే ఏసీ ఇదే 18 మీద నడిచినా గోడ తడవదు. మే నెలలో 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం డ్యూ పాయింట్ 14 దగ్గర ఉంటుంది. ఏ గోడా అంత చల్లబడదు. ఫ్రిజ్ బాటిల్‌కు మాత్రం కాస్త చెమట పడుతుంది. అందుకే ఏప్రిల్, మేలలో అలవాటైన ఏసీ నంబరును జూన్ రెండో వారంలో మార్చుకోవాలి. ఫోన్‌లో చాలా వాతావరణం యాప్‌లలో Dew point అని ఒక అంకె కనిపిస్తుంది. అది 24, 25 దాటడం మొదలైందంటే ఏసీని 25 కన్నా తగ్గించకండి.

ఇంకో మాట. మచ్చలన్నీ గాలి వల్లే అనుకోవద్దు. నిజంగానే కారే గోడలూ ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ చాలు. మచ్చ మీద గోడను గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, అడుగు చదరం ఫాయిల్ పరిచి నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అతికించండి. బీరువాను మళ్లీ పాత చోటికే జరిపి, ఏసీని రోజూ నడిపినట్టే నడపండి. రెండు రోజుల తర్వాత చూడండి. ఫాయిల్ పై ముఖం, అంటే గది వైపు, తడిగా ఉంటే నీరు గాలిలోంచి వచ్చింది. గోడ వైపు ముఖం తడిగా ఉండి పైది పొడిగా ఉంటే నీరు గోడ లోపలి నుంచి వస్తోంది. రెండు వైపులా తడి ఉంటే రెండు కారణాలూ ఉన్నట్టే, ముందు కారేదాన్ని బాగుచేయించాలి. టేపు ఒక మూల ఊడినా ఈ పరీక్ష చెల్లదు, మళ్లీ అతికించండి.

కంటితో కూడా కొంత పోల్చుకోవచ్చు. గోడ లోపలి నుంచి వచ్చే నీరు తనతో ఉప్పును మోసుకొస్తుంది. పెయింటు పొరలు లేచి, తెల్లటి పొడి రాలుతుంది. పునాది నుంచి ఎక్కే చెమ్మ అయితే నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు, పొడుగునా పట్టీలా ఉంటుంది. స్లాబు కారితే వాన పడిన కొన్ని గంటలకు గోధుమరంగు అంచుతో మచ్చ పెద్దదవుతుంది. గాలి చెమ్మకు ఉప్పు పొడి ఉండదు, నల్లటి బూజు చుక్కలు ఉంటాయి. ఆ బూజుకు నీటి బొట్లు కూడా అక్కర్లేదు. గోడను అంటుకున్న గాలిలో తేమ 80 శాతం పైన రోజుల తరబడి నిలిచినా చాలు.

ఏసీ ఉన్నవాళ్లు వానలకు ముందు మెకానిక్‌తో రాగి గొట్టం మీది నల్ల స్పాంజి తొడుగు కూడా చూపించుకోండి. ఆ గొట్టం పది డిగ్రీల దగ్గర చల్లగా ఉంటుంది. తొడుగు చీలిన చోట వానాకాలం అంతా నీరు బొట్లు బొట్లుగా కారి గోడలోకి దిగుతుంది. అచ్చం పైపు లీకేజీలా కనిపిస్తుంది, ప్లంబరు ఎంత వెతికినా దొరకదు.

మచ్చ చూడగానే కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వమని పెద్దవాళ్లు చెబుతారు. చలికాలంలో అది చాలా మంచి మాట, ఎందుకంటే అప్పుడు బయటి గాలిలో ఆవిరి తక్కువ. స్నానాల గది ఆవిరినీ వంటింటి ఆవిరినీ అలాగే పంపెయ్యాలి. కానీ జూలైలో ముసురు పట్టిన రోజున బయటి గాలి డ్యూ పాయింటే 25 దగ్గర ఉంటుంది. గోడ 24 ఉండగా కిటికీ తెరిస్తే గోడకు ఇంకా నీరు పోసినట్టే. ముందు ఏసీ ఆపండి, సామాను జరపండి, గోడ మీదికి ఫ్యాన్ పెట్టండి. గోడ వేడెక్కాక కిటికీ తెరవండి. ఏసీలో డ్రై మోడ్ పెడితే ఆ గది గాలి ఆరుతుంది, గోడ అవతలి గదికి మాత్రం లాభం లేదు.

మూసిన గదిలో కూలర్ నడపడం జూన్ తర్వాత మానెయ్యాలి. అది గాలిలోకి నీరు ఎక్కించే యంత్రం. హాల్లో తాళ్లు కట్టి బట్టలు ఆరేయడమూ అంతే. వాషింగ్ మెషీన్ నిండా పిండిన బట్టల్లో కూడా రెండు మూడు లీటర్ల నీరు ఉంటుంది, అదంతా ఇంటి గాలిలోకే పోతుంది. వానలో వేరే దారి లేకపోతే ఒకే గదిలో ఆరేసి, ఆ గది తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యండి. ఏసీ గది గోడ దగ్గర మాత్రం వద్దు.

వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే పోతుందని షాపులో చెప్తే ఒక్క నిమిషం ఆగండి. గాలి చెమ్మ పెయింటు మీదే పడుతుంది, లోపలి నుంచి రాదు. గ్లాసుకు రంగేస్తే బొట్లు ఆగవు కదా. 25 దగ్గర ఏసీ సరిపోదనుకునేవాళ్లు గోడకు థర్మోకోల్ లాంటి పొర వేయించుకోవచ్చు. కానీ ఏసీ గది వైపు వేయించాలి. అవతలి వైపు వేస్తే ఆ పొర వెనక గోడ ఇంకా చల్లబడుతుంది, సందుల్లోంచి దూరిన ఆవిరి అక్కడ నీరై, కనపడకుండా బూజు పడుతుంది.

చివరగా, చెమ్మ పట్టిన గోడ మీద స్విచ్ బోర్డు ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టండి. ముట్టుకోకుండా ముందు మెయిన్ దగ్గర ఆ లైను ఎంసీబీ దించి, ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించి లోపల చూపించండి. బోర్డు లోపలి ఇనుప పెట్టె చల్లబడితే దాని మీదా ఇవే బొట్లు పడతాయి. పూర్తిగా ఆరిందని ఆయన చెప్పేదాకా పిల్లల్ని ఆ గోడ దగ్గరికి పోనివ్వకండి.