రోజువారీ ఉష్ణోగ్రతలను స్వరాలుగా వినిపించేటప్పుడు వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, సవరణ

ఒక్కో రోజు గరిష్ఠ ఉష్ణోగ్రతను ఒక్కో స్వరంగా మార్చి, వరుసగా వినిపించడమే ఈ అభ్యాసం. ఎండ పెరిగితే శ్రుతి పెరగాలి, తగ్గితే తగ్గాలి. ప్రోగ్రాం రాయడానికి గంట కూడా పట్టదు గాని, వినిపించిన తర్వాత అందులో ఎండల తీరు వినబడకపోవడమే తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. ఆ లోపాలలో ముఖ్యమైన వాటిని కర్నూలు మే నెల ఎండలను పోలిన ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. ఇవి వాతావరణ కేంద్రం నమోదు చేసిన అంకెలు కావు, అభ్యాసం కోసం తీసుకున్నవి.

41.2, 41.8, 42.4, 42.1, 40.6, (నమోదు లేదు), 36.9, 39.0, 40.4, 41.1

మొదటి మూడు రోజులు ఎండ ముదిరింది, తర్వాత కొంత తగ్గింది, ఆరో రోజు అంకె లేదు, ఏడో రోజు గాలివానతో వాతావరణం చల్లబడింది, ఆపైన మళ్ళీ ఎండ పుంజుకుంది. ఈ కథ చెవికి తెలియాలి.

లక్షణం: రోజులన్నీ దాదాపు ఒకే స్వరంలా వినబడుతున్నాయి

మొట్టమొదట చూడవలసింది ఉష్ణోగ్రతకు ఎంచుకున్న హద్దులను. చాలామంది భద్రంగా ఉంటుందని 0 నుంచి 50 డిగ్రీల వరకు హద్దు పెట్టి, దానిని కంప్యూటరు సంగీతంలో స్వరాలను సూచించే మిడి సంఖ్యలలో 48 నుంచి 84 వరకు, అంటే మూడు స్థాయిలకు పరుస్తారు. మిడి లెక్కలో ఒక అంకె పెరిగితే ఒక స్వరస్థానం పెరిగినట్టు, పన్నెండు పెరిగితే ఒక స్థాయి పెరిగినట్టు. మూడు స్థాయిలంటే విశాలంగానే అనిపిస్తుంది గాని, 36 స్వరస్థానాలను 50 డిగ్రీలకు పంచితే డిగ్రీకి దక్కేది 0.72 స్వరస్థానం మాత్రమే. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే మన పది రోజులు ఇలా వస్తాయి:

78, 78, 79, 78, 77, –, 75, 76, 77, 78

మొదటి నాలుగు రోజులలో మూడు ఒకే స్వరం. గాలివాన తెచ్చిన మార్పు కూడా రెండు స్వరస్థానాలకే పరిమితమైంది. కర్నూలు మే నెలలో ఎన్నడూ రాని 5 డిగ్రీలకూ 15 డిగ్రీలకూ స్వరాలు కేటాయించి, నిజంగా వచ్చే డిగ్రీలను ఇరుకున పెట్టడమే ఇందుకు కారణం.

సవరణ ఏమిటంటే, ఆ నెలలో ఆ ఊళ్ళో సాధ్యమైన హద్దులనే తీసుకోవాలి. ఇక్కడ 34 నుంచి 44 డిగ్రీలను 60 నుంచి 84 వరకు, అంటే రెండు స్థాయిలకు పరుద్దాం. ఇప్పుడు డిగ్రీకి 2.4 స్వరస్థానాలు వస్తాయి.

77, 79, 80, 79, 76, –, 67, 72, 75, 77

ఎండ ముదరడం, తగ్గడం, వాన పడిన రోజు ఒక్కసారిగా కిందికి దిగడం, మూడు రోజుల్లో మళ్ళీ పైకి ఎక్కడం, అన్నీ ఇప్పుడు శిక్షణ లేని చెవికి కూడా తెలుస్తాయి. అడుగున 48 కాకుండా 60 పెట్టడానికి మరో కారణం కూడా ఉంది: మిడి 48 అంటే సుమారు 131 హెర్ట్జ్, అంత కింది శ్రుతిని ఫోను స్పీకరు సరిగా పలికించలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రతి నెలకూ ఆ నెల కనిష్ఠ, గరిష్ఠాలనే హద్దులుగా పెట్టే పద్ధతి సులభంగా కనిపిస్తుంది గాని, అలా చేస్తే జనవరిలో వచ్చిన 32 డిగ్రీలూ మేలో వచ్చిన 43 డిగ్రీలూ ఒకే పై స్వరంగా వినబడే ప్రమాదం ఉంది. నెలలను పోల్చాలనుకుంటే హద్దులు ఏడాది పొడుగునా ఒకటే ఉండాలి. అప్పుడు మళ్ళీ ఇరుకు ఏర్పడుతుంది కాబట్టి, ఉష్ణోగ్రతకు బదులు ఆ తేదీకి ఉండవలసిన సాధారణ ఉష్ణోగ్రత నుంచి ఎంత తేడా వచ్చిందో దానిని స్వరంగా మార్చడం మేలని నా అభిప్రాయం. భారత వాతావరణ శాఖ సాధారణాన్ని ముప్పై ఏళ్ళ సగటుగా లెక్కిస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991–2020 కాలానిది.

లక్షణం: చల్లని రోజుల తేడాలు బాగా తెలుస్తున్నాయి, వడగాడ్పు రోజుల తేడాలు తెలియడం లేదు

హద్దులు సరిగానే ఉన్నా ఈ లోపం వస్తే, ఉష్ణోగ్రతను మిడి సంఖ్యకు కాక నేరుగా హెర్ట్జ్‌కు సమాన భాగాలుగా పరిచారని అర్థం. 34 నుంచి 44 డిగ్రీలను 200 నుంచి 1000 హెర్ట్జ్‌కు పరిస్తే డిగ్రీకి 80 హెర్ట్జ్ వస్తుంది, కాగితం మీద చూస్తే ఎంతో న్యాయంగా ఉంటుంది. కాని మన చెవి శ్రుతిని కొలిచేది తేడాతో కాదు, నిష్పత్తితో. 200 నుంచి 400 ఒక స్థాయి అయితే, 400 నుంచి 800 కూడా ఒక స్థాయే. అందువల్ల 35 నుంచి 36 డిగ్రీలకు వెళ్ళినప్పుడు 280 హెర్ట్జ్ 360 అవుతుంది, అది నాలుగు స్వరస్థానాలకు మించిన ఎగుడు. 42 నుంచి 43కు వెళ్ళినప్పుడు 840 హెర్ట్జ్ 920 అవుతుంది, అది ఒకటిన్నర స్వరస్థానమే. కర్నూలు, కడప వంటి చోట్ల మే నెలలో మనకు కావలసిన వివరమంతా ఆ పై కొసలోనే ఉంటుంది కనుక, ఈ పద్ధతి సరిగ్గా అవసరమైన చోటే చెవిని మొద్దుబారుస్తుంది.

సవరణగా ముందు డిగ్రీలను మిడి సంఖ్యగా మార్చి, ఆ తర్వాతే హెర్ట్జ్ లెక్కించాలి.

```python
LO, HI = 34.0, 44.0

def freq(t):
    n = 60 + (t - LO) / (HI - LO) * 24
    return 440 * 2 ** ((n - 69) / 12)
```

సరిచేశారో లేదో తెలుసుకోవడానికి అసలు అంకెలను వాడకండి. 34, 35, 36 అంటూ 44 వరకు ఒక్కో డిగ్రీ చొప్పున వినిపించండి. మెట్లన్నీ సమానంగా ఎక్కుతున్నట్టు వినబడాలి. పైకి పోయేకొద్దీ మెట్లు చిన్నవైతే లెక్క ఇంకా హెర్ట్జ్‌లోనే జరుగుతోందన్నమాట.

లక్షణం: వినడానికి హాయిగా ఉంది, కాని ఉష్ణోగ్రత మారినా స్వరం మారడం లేదు

స్వరాలు కర్ణకఠోరంగా ఉన్నాయని వాటిని ఏదో ఒక రాగానికి సవరించినప్పుడు ఇలా జరుగుతుంది. ఐదు స్వరాలే కనుక చాలామంది మోహనను ఎంచుకుంటారు. 60ని షడ్జమంగా పెట్టి మన పది రోజులను మోహనలోని దగ్గరి స్వరానికి సవరిస్తే, పై స్థాయి గ, ప, ద, ప, గ, ఒక ఖాళీ, మధ్య స్థాయి ప, మళ్ళీ పై స్థాయి స, గ, గ వస్తాయి. 40.4, 40.6, 41.1, 41.2 డిగ్రీలు నాలుగూ ఒకే గాంధారంలో కలిసిపోయాయి.

ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. 40.4 నుంచి 41.1కి 0.7 డిగ్రీ తేడా ఉన్నా స్వరం కదలలేదు. 41.1 నుంచి 41.8కి కూడా అదే 0.7 డిగ్రీ, కాని అక్కడ గాంధారం నుంచి పంచమానికి మూడు స్వరస్థానాల దూకుడు వచ్చింది. మోహనలో మధ్యమం, నిషాదం లేవు కనుక స్వరాల మధ్య దూరాలు సమానం కావు, ఆ అసమానత ఉష్ణోగ్రతలదేనని వినేవారు పొరబడతారు. రాగం మీద ఎంత మక్కువ ఉన్నా, తేడాలను వినిపించడమే ఉద్దేశమైతే పైన ఇచ్చిన `freq`ను పూర్ణాంకానికి కూడా సవరించకుండా నేరుగా వాడటమే సరైనది. హాయి కావాలంటే దానిని స్వరాన్ని మార్చి కాక, నాదాన్ని మెత్తన చేసి, వేగం తగ్గించి సాధించాలి.

లక్షణం: మధ్యలో ఒక వింత శబ్దం, లేదా అనుకోని నిశ్శబ్దం

అంకె లేని రోజును ప్రోగ్రాం ఎలా చదివిందో చూడండి. ఖాళీ గడిని సున్నాగా చదివితే, 0–50 హద్దులలో అది అడుగు స్వరమై గుర్రుమంటుంది. 34–44 హద్దులలో అదే సున్నా రెండు హెర్ట్జ్ పైచిలుకు కంపనంగా మారుతుంది, అది చెవికి అందదు. అప్పుడు నిశ్శబ్దం వచ్చింది కదా, సరిగానే ఉందని అనుకుంటాం. ఇది ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే తప్పు దాగిపోతుంది. కొన్ని ఫైళ్ళలో లేని అంకెకు గుర్తుగా 99.9 గాని -999 గాని రాస్తారు. 99.9ను స్వరంగా మారిస్తే, ధ్వని ఫైలు మోయగల హద్దు దాటిన ఆ కంపనం వెనక్కి మడతపడి, ఉష్ణోగ్రతతో ఏ సంబంధమూ లేని మరో శ్రుతిగా వినబడుతుంది. 40.2కు బదులు 402 అని టైపు చేసినా ఫలితం ఇలాంటిదే.

స్వరంగా మార్చడానికి ముందే ప్రతి అంకె హద్దులలో ఉందో లేదో పరీక్షించి, లేకపోతే `None`గా గుర్తించాలి. ఆ రోజు వట్టి నిశ్శబ్దం పెట్టడం కంటే, శ్రుతి లేని చిన్న టక్కు శబ్దం పెట్టడం మంచిది. వరుసగా మూడు రోజులు నిశ్శబ్దమైతే వినేవారికి రోజుల లెక్క తప్పుతుంది.

లక్షణం: స్వరానికీ స్వరానికీ నడుమ చిటచిట

తరంగం మధ్యలో ఉండగా స్వరాన్ని తెంచినందువల్ల ఇది వస్తుంది. ప్రతి స్వరం మొదట్లోనూ చివరా 15 మిల్లీసెకన్ల పాటు ధ్వనిని సున్నా నుంచి పెంచి, తిరిగి సున్నాకు దించితే పోతుంది.

```python
import numpy as np
SR = 44100

def tone(t, dur=0.4):
    N, f = int(SR * dur), int(SR * 0.015)
    env = np.ones(N)
    env[:f] = np.linspace(0, 1, f)
    env[-f:] = np.linspace(1, 0, f)
    k = np.arange(N)
    return 0.5 * env * np.sin(2*np.pi*freq(t)*k/SR)
```

లక్షణం: ప్రతి ఏడో స్వరం కిందికి దిగుతోంది

అంకెలను వాతావరణ కేంద్రం నుంచి కాక, బడి వసారాలో పెట్టిన థర్మామీటరు నుంచి విద్యార్థులే రాసుకున్నప్పుడు ఇది కనిపించవచ్చు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండున్నరకు చూసి, ఆదివారం మాత్రం వీలు చూసుకుని ఉదయం పదకొండుకు చూస్తే, ఆదివారమల్లా ఉష్ణోగ్రత తక్కువగా నమోదవుతుంది. పట్టికలో చూస్తే కన్ను దీనిని దాటిపోతుంది గాని, సమాన లయలో వింటే ఏడుకొక్కసారి వచ్చే దిగుడు తాళంలా పట్టుబడుతుంది. ఎండకు వారాలతో పని లేదు కనుక, ఏడు రోజుల లయ వినబడితే అనుమానించవలసింది చూసిన వేళనే. ప్రోగ్రాంలో దీనికి మందు లేదు. ఆదివారపు అంకెలను పక్కన ఉన్న రోజుల సగటుతో నింపితే చెవికి నచ్చుతుంది గాని, లేని కొలతను ఉన్నట్టు చూపడమే అవుతుంది. వాటిని `None`గా గుర్తించి టక్కు శబ్దంతోనే వినిపించాలి. ఇకముందు రోజులో వచ్చిన అత్యధిక ఉష్ణోగ్రతను తానే గుర్తు పెట్టుకునే గరిష్ఠ థర్మామీటరును నీడలో, వేడెక్కే గోడకు దూరంగా అమర్చి, ఎండ దిగిన తర్వాత రోజూ చూసి, రాసుకున్న వెంటనే దానిని మరుసటి రోజుకు సిద్ధం చేయాలి.