ఏప్రిల్ 1 నుంచి రేటు పెంచుతున్నారా? పాత రేటు కనెక్షన్లు లెక్క చెడగొట్టకుండా జాగ్రత్తలు

కావలి, ఒంగోలు, కనిగిరి లాంటి ఊళ్ళలో ఇంటర్నెట్ లైన్లు నడిపేవాళ్ళు రేటు పెంచితే, పాత కస్టమర్లను పాత రేటులోనే ఉంచడం మామూలే. “ఇన్నేళ్ళ నుంచి ఉన్నాం, మాకు పాత రేటే కదన్నా” అని కౌంటర్ దగ్గర అడిగేవాళ్ళకి కాదనలేరు. అనాల్సిన అవసరమూ లేదు. చిక్కంతా ఆ నెలాఖరున రిపోర్టు తీసినప్పుడు వస్తుంది. ఒకే స్పీడు, ఒకే ప్లాన్ పేరు, రెండు రేట్లు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఆ తేడా ముందే చెప్పి పెట్టకపోతే అది తనకు తోచినట్టు లెక్క కట్టేస్తుంది.

ఒక లెక్క తీసుకుందాం. కావలిలో ఒక ఆపరేటర్‌కి మార్చిలో 1,000 కనెక్షన్లు, అన్నీ 40 ఎంబీపీఎస్, నెలకు రూ.399, జీఎస్టీ అదనం. ఏప్రిల్ 1 నుంచి రేటు రూ.499. పాతవాళ్ళకు 399కే రెన్యూవల్. ఏప్రిల్‌లో 60 మంది కొత్తగా చేరారు, పాతవాళ్ళలో 40 మంది మానేశారు. సులువుగా ఉండటానికి అందరి బిల్లు తేదీ ఒకటో తారీఖే అనుకుందాం. అప్పుడు నెలవారీ రాబడి 960 మంది మీద 3,83,040, 60 మంది మీద 29,940, మొత్తం రూ.4,12,980. మార్చిలో 3,99,000. అంటే పెరిగింది రూ.13,980.

ఇప్పుడు అందరూ చేసే తప్పు చూడండి. మార్చి 31 రాత్రి ప్లాన్ మాస్టర్ తెరిచి, 399 కొట్టేసి 499 అని టైప్ చేసి సేవ్ చేస్తారు. పాతవాళ్ళ బిల్లులు సంగతి కౌంటర్లో చూసుకుంటాం అనుకుంటారు. చాలా చిన్న సాఫ్ట్‌వేర్లలో రిపోర్టు ప్లాన్ రేటుని కనెక్షన్ల సంఖ్యతో గుణించి వస్తుంది. దాంతో ఏప్రిల్ రాబడి 1,020 మందికీ 499 లెక్కన రూ.5,08,980 చూపిస్తుంది. అసలు కంటే 96,000 ఎక్కువ. అంతటితో ఆగితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. కానీ పాత నెలల రిపోర్టు కూడా అదే మాస్టర్ నుంచి వస్తుంది కాబట్టి, ఇప్పుడు మార్చి తెరిస్తే 4,99,000 కనిపిస్తుంది. రెండు నెలల మధ్య తేడా రూ.9,980 మాత్రమే. గ్రాఫ్ ఎక్కడా ఎగరదు, చూసినవాళ్ళకి అనుమానం రాదు. అందుకే ఈ తప్పు నెలల తరబడి దొరకదు, దొరికేసరికి పాత అంకెలు ఎవరి దగ్గరా ఉండవు.

కాబట్టి మార్చి 31 లోపు మొదటి పని: గడిచిన 12 నెలల రిపోర్టులు, కనెక్షన్ వారీగా రేటుతో సహా, ఎక్సెల్‌గా దింపి పక్కన పెట్టండి. రెండో పని: ప్లాన్ రేటు మార్చకండి. 499కి కొత్త ప్లాన్ కోడ్ తెరవండి, పాత కోడ్‌ని కొత్త కనెక్షన్లకు కనిపించకుండా మూసేయండి. పాతవాళ్ళు ఉన్నచోటే ఉంటారు.

కొందరు దీన్నే తిరగేసి చేస్తారు. పాత కోడ్‌కి కొత్త రేటు పెట్టి, పాతవాళ్ళ 960 మందినీ “పాత రేటు” అనే కొత్త కోడ్‌లోకి మారుస్తారు. అప్పుడు సాఫ్ట్‌వేర్ 960 కనెక్షన్లు మూసి, 960 తెరిచినట్టు రాసుకుంటుంది. రిపోర్టులో మానేసినవాళ్ళు 1,000, కొత్తవాళ్ళు 1,020. మానేసిన 40 మంది ఆ గుంపులో కలిసిపోతారు. ఇలా జరిగిందో లేదో తెలుసుకోవడం తేలికే: ఒకే ఫోన్ నంబర్ మీద ఒకే తేదీన ఒకటి మూసి ఇంకోటి తెరిచి ఉంటే అది మార్పిడి, మానేయడం కాదు. వాటిని తీసేసి చూస్తే అసలు సంఖ్య బయటపడుతుంది.

ఇంకో దారి, 499 బిల్లు వేసి వంద తగ్గింపు ఇవ్వడం. నా మటుకు ఇది వద్దంటాను. తగ్గింపులకి చాలా సాఫ్ట్‌వేర్లలో గడువు ఉంటుంది, ఆరు నెలలో పన్నెండో పెట్టి మర్చిపోతారు, గడువు తీరిన నెల పాతవాళ్ళందరికీ 499 బిల్లు వెళ్తుంది. పైగా ఒక రిపోర్టు తగ్గింపుకి ముందు అంకె, ఇంకోటి తర్వాత అంకె చూపించి ఒకదానికొకటి పొసగవు.

సాఫ్ట్‌వేర్ మీరే రాయించుకుంటున్నట్టయితే, రేటు ప్లాన్ మీద కాకుండా కనెక్షన్ మీద, తేదీలతో నిలవాలి. నెలాఖరున ఇంత చిన్న క్వెరీ చాలు:

```sql
SELECT price, COUNT(*) AS line_count, SUM(price) AS mrr
FROM subscription_prices
WHERE valid_from <= '2026-04-30'
  AND (valid_to IS NULL OR valid_to > '2026-04-30')
GROUP BY price;
```

మన లెక్కలో దీనికి రెండే వరుసలు రావాలి, 399 మీద 960, 499 మీద 60. మూడో రేటు కనబడితే ఎవరో చేత్తో మార్చారన్నమాట. లేదంటే, ఎప్పుడో జీఎస్టీతో కలిపి 400 అని ఇచ్చిన లైన్లు ఉండవచ్చు. వాటి అసలు రాబడి 400 కాదు, 1.18తో భాగిస్తే వచ్చే 338.98.

ఇక మార్చిలో వచ్చే గొడవ ఇంకోటి. రేటు పెరుగుతుందని తెలియగానే కొందరు ఏడాదికి కట్టేస్తారు. 120 మంది 4,788 చొప్పున కట్టారనుకోండి, అది రూ.5,74,560. మామూలు కలెక్షన్ 3,99,000తో కలిపి మార్చి వసూలు 9,73,560 అవుతుంది. ఏప్రిల్‌లో వాళ్ళు కట్టరు కాబట్టి మిగిలిన 840 మంది పాతవాళ్ళు, 60 మంది కొత్తవాళ్ళ మీద వసూలు రూ.3,65,100. వసూలు చూస్తే వ్యాపారం పడిపోయినట్టు, రాబడి చూస్తే పెరిగినట్టు. రెండూ నిజమే, రెండూ వేరు కాలమ్స్‌లో ఉండాలి. ఏడాది డబ్బుని నెలకు 399 చొప్పున పన్నెండు నెలలకు పంచి రాబడిలో వేసుకోవాలి.

జీఎస్టీ మాత్రం అలా పంచుకోనివ్వదు. సర్వీసుకి బిల్లు వేసినా, అడ్వాన్సు తీసుకున్నా, ఏది ముందైతే అప్పుడే పన్ను. ఆ 5,74,560 మీద 18 శాతం, అంటే రూ.1,03,420.80, మార్చి రిటర్నులోనే లెక్కకు వస్తుంది. నెలనెలా వేసేవాళ్ళకు దాని గడువు ఏప్రిల్ 20, సరిగ్గా వసూలు తగ్గిన నెల. ఆ మొత్తం మార్చిలోనే వేరే తీసిపెట్టండి. జీఎస్టీ రిటర్ను అంకెతో రాబడి రిపోర్టు కలవలేదని మార్చిలో కంగారుపడకండి, కలవకూడదు.

చివరగా, పాత రేటు ఎప్పుడు పోతుందో కాగితం మీద రాసి కలెక్షన్ కుర్రాళ్ళకి ఇవ్వండి. రీచార్జి 15 రోజులు దాటితే పోతుందా? ఇల్లు మారితే? 100 ఎంబీపీఎస్‌కి వెళ్ళి మళ్ళీ 40కి వస్తే? ఇల్లు మారినప్పుడు చాలా చోట్ల పాత కనెక్షన్ మూసి కొత్త నంబర్ ఇస్తారు, రేటు దానంతటదే 499 అయిపోతుంది, మనిషి మాత్రం పాత 471 రూపాయలే కుర్రాడి చేతిలో పెడతాడు. కొత్త బిల్లు జీఎస్టీతో రూ.588.82. ఆ 118 రూపాయలు బాకీగా నెలనెలా పేరుకుంటాయి. ఏప్రిల్ 5 నాటికి 471 కట్టిన రసీదులన్నీ తీసి, ఒక్కో దాని పక్కన బిల్లు ఎంత పడిందో చూడండి. 588.82 ఉన్నవి విడిగా తీసి, అప్పుడే పాత రేటుకి సరిచేయాలో బాకీ అడగాలో తేల్చుకోండి.