క్యాబేజీ, గోబీ, ఆకుకూరలు ఎలా కడగాలి? పురుగు పోతే చాలదు, గుడ్డు పోవాలి

గోబీలో పురుగు మెదడుకెక్కుతుందని చాలామంది భయపడతారు. గోబీ పువ్వులో దొరికే పచ్చపురుగు చిమ్మట పిల్ల. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ దాంతో మెదడుకేమీ కాదు. భయపడాల్సింది కంటికి కనబడని బద్దెపురుగు గుడ్డుకి. సరిగా ఉడకని పంది మాంసం తిని బద్దెపురుగు పట్టిన మనిషి మలంలో ఆ గుడ్లు బయటికొస్తాయి. మురుగునీళ్లు పారే తోటల్లో అవి ఆకులకు అంటుకుంటాయి. మనం మింగితే పిల్లపురుగులు రక్తంలో పడి మెదడుకు చేరతాయి, అక్కడ తిత్తులు కట్టి మూర్ఛ తెప్పిస్తాయి. పంది మాంసం ముట్టని ఇళ్లలోనూ ఈ జబ్బు వచ్చేది ఇందుకే.

కావలసినవి: వెడల్పాటి స్టీలు బేసిన్, కత్తి, కుళాయి. ప్లాస్టిక్ టబ్బు వద్దు, అడుగున మట్టి ఉందో లేదో సరిగా తెలీదు.

1. క్యాబేజీ పైరేకులు మూడు నాలుగు తీసి పారేయండి. గోబీని చిన్న పువ్వులుగా విడదీయండి. ఆకుకూర వేళ్లు కోసి కట్ట విప్పండి.

2. ఇప్పుడు కడగడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

బేసిన్ నిండా నీళ్లు పోసి, ఆకుల్ని ముంచి చేత్తో బాగా కదిలించండి. కాసేపు ఆగితే మట్టి అడుక్కి దిగుతుంది. అప్పుడు ఆకుల్ని రెండు చేతులతో పైకి తీయాలి, బేసిన్ వంచి నీళ్లు ఒంపకూడదు. ఒంపితే అడుగున చేరిన మట్టంతా మళ్లీ ఆకుల మీదే పడుతుంది, కడిగిందంతా వృథా. ఆకులు తీశాక బేసిన్ అడుగు వేలితో తడిమి చూడండి. ఇసుక తగిలితే నీళ్లు మార్చి మళ్లీ ముంచండి. ఏమీ తగలనంత వరకు ఇదే పని. ఆఖరికి కుళాయి ధార కింద ఒక్కో ఆకును రెండు వైపులా వేళ్లతో రుద్దండి. గుడ్లకు జిగట ఉంటుంది, ఊరికే నీళ్లు తగిలితే ఊడవు.

ఉప్పునీళ్లు, పసుపు, వెనిగర్ అంటారా? ఉప్పునీళ్లకు పచ్చపురుగు బయటికొస్తుంది, అంతే. వీటిలో ఏదీ గుడ్డును చంపుతుందని నమ్మడానికి లేదు. ఫ్రిజ్‌లో పెట్టినా చావదు. అరగంట నానబెట్టి నిశ్చింతగా కూర్చునేవాళ్లకంటే పది నిమిషాలు రుద్దేవాళ్లే నయం.

3. కడిగాక కూడా ఒకటీ అరా మిగలొచ్చు. దాన్ని చంపేది మంటే. గోబీని తెర్లే నీళ్లలో మూడు నిమిషాలు ఉడికించి వార్చి, ఆ తర్వాతే వేయించండి. మంచూరియాకైనా ఇదే పద్ధతి. పెద్ద మంట మీద పైన ఎర్రబడినా కాడ లోపల పచ్చిగానే ఉంటుంది. క్యాబేజీ కూర మూతపెట్టి మగ్గించండి.

4. కొత్తిమీర. కూరంతా ఉడికించి, దించాక పచ్చి కొత్తిమీర చల్లితే ఇంత కష్టం దేనికి? దించడానికి రెండు నిమిషాల ముందు, కూర ఉడుకుతుండగానే వేసి కలపండి. పెరుగు పచ్చడికి క్యాబేజీ కావాలంటే తురుమును మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి పిండండి. కరకర తగ్గుతుంది, తగ్గనివ్వండి.