అర్ధరాత్రి దాటాక హోటల్‌కి వచ్చిన గెస్ట్‌తో రిసెప్షన్‌లో మొదటి మాట: సమస్య - పరిష్కారం

సమస్య: పలకరించగానే గెస్ట్ మొహం ముడుచుకుంటారు, పొడిపొడిగా జవాబిస్తారు.

కారణం చాలాసార్లు మన మొదటి వాక్యమే. "ఐడీ ప్రూఫ్ ఇవ్వండి" అంటే లోపలికి రాగానే ఏదో అడిగినట్టు ఉంటుంది. "ఇంత లేటైందేంటి సార్?" అంటే సంజాయిషీ అడిగినట్టే. "ప్రయాణం బాగా జరిగిందా?" అనేది మర్యాదే అయినా, నిద్ర కళ్లతో ఉన్న మనిషి దానికీ ఏదో ఒక జవాబు చెప్పాలి.

పరిష్కారం: ప్రశ్న వద్దు, ముందు కబురు చెప్పండి. "నమస్కారం సార్, రండి. మీ రూమ్ రెడీగా ఉంది. ఇలా కూర్చోండి, మంచినీళ్లు తెప్పిస్తాను." ఐడీ తప్పనిసరే, కానీ అది రెండో మాట: "ఆధార్ ఒక్కసారి ఇవ్వండి సార్, వివరాలు నేను రాసుకుంటాను, మీరు సంతకం పెడితే చాలు." పెద్దావిడ వస్తే "మేడమ్" కన్నా "రండమ్మా, కూర్చోండి" బాగుంటుంది. రూమ్ ఇంకా సిద్ధం కాకపోతే మాత్రం రెడీ అనకండి. "పది నిమిషాల్లో ఇస్తాను" అని, ఆ పది నిమిషాలూ నిలబెట్టుకోగలిగితేనే చెప్పండి.

సమస్య: గెస్ట్ బుకింగ్ చూపిస్తున్నారు, మన స్క్రీన్‌లో కనిపించడం లేదు.

"మీ పేరు మీద బుకింగ్ లేదండి" అనేదే అర్ధరాత్రి అన్నిటికన్నా ఎక్కువ గొడవ తెచ్చే మాట. చాలాసార్లు అది నిజం కూడా కాదు. ఉదాహరణకు, 12వ తేదీకి బుక్ చేసుకున్న కుటుంబం రైలు ఆలస్యమై విజయవాడ స్టేషన్‌లో దిగి, రాత్రి ఒకటిన్నరకి మన దగ్గరికొచ్చింది. అప్పటికే ఆ రోజు లెక్కలు ముగించే నైట్ ఆడిట్ అయిపోయి సిస్టమ్‌లో తేదీ 13కి మారింది. రానివాళ్లందరూ నో-షోలోకి వెళ్లిపోయారు. మనం చూస్తున్నది 13వ తేదీ జాబితా.

పరిష్కారం: "రండి సార్, కూర్చోండి. మీ బుకింగ్ తీస్తున్నాను, ఒక్క నిమిషం" అని, నిన్నటి అరైవల్స్, నో-షో జాబితా, బుకింగ్ నంబర్, ఇంటిపేరు ముందువెనకలు మార్చి చూడండి. దొరికితే తిరిగి తెరవండి. రూమ్ వేరేవాళ్లకి ఇచ్చేసి ఉంటే దాచకండి: "మీ బుకింగ్ ఉంది సార్. ఆ రూమ్ ఇచ్చేశాం, పొరపాటు మాదే. ఇప్పుడు ఇంకో రూమ్ చూస్తున్నాను." ఈ గొడవ రాకూడదంటే ఆడిట్‌కి ముందే రావాల్సినవాళ్లకి ఫోన్ చేసి, "ఎన్నింటికి వస్తారు సార్? రూమ్ ఉంచుతాం" అని కనుక్కుని, ఆ బుకింగ్ మీద నోట్ రాయాలి.

సమస్య: "తినడానికేమైనా ఉందా?" అంటే "కిచెన్ క్లోజ్" అనేసి ఊరుకోవడం.

ఏది ఉందో ముందు చెప్పండి: "వంట అయిపోయింది సార్, బ్రెడ్, పాలు ఇవ్వగలం." షిఫ్ట్ మొదట్లోనే కిచెన్‌లో ఏమున్నాయో అడిగి పెట్టుకుంటే ఈ మాట తడబడకుండా వస్తుంది.